వాట్సాప్ ఆర్డర్ల స్క్రీన్‌షాట్ నుంచి కస్టమర్‌కో వరుస: మొదటి నుంచి చివరిదాకా

సంక్రాంతికి పది రోజుల ముందు నుంచి మా వదిన పిండివంటల ఆర్డర్లు తీసుకుంటుంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరికి తోచినట్టు వాళ్లు మెసేజ్ పెడతారు. ఆవిడ వాటిని స్క్రీన్‌షాట్లు తీసి నాకు పంపుతుంది. నేను వాటిని షీట్‌లో ఎక్కించి, ఒక్కో ఇంటికి ఒక్కో వరుసగా తయారుచేసి తిరిగి ఇస్తాను. ఇలాంటి పనే చేస్తున్న చాలామంది "కస్టమర్‌కి ఒకే వరుస రావాలంటే ఎలా?" అని అడుగుతున్నారు. నేను చేసే పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. స్క్రీన్‌షాట్ చూస్తూ నేరుగా కస్టమర్ వరుసలు రాయడం మొదలుపెట్టకండి. మనిషి ఒకే మెసేజ్‌లో ఆర్డర్ పూర్తిచెయ్యడు. ఒకటి చెబుతాడు, ఇంకోటి కలుపుతాడు, మొదటిది వద్దంటాడు. నేరుగా వరుస రాస్తే ప్రతిసారీ పాత అంకె చెరిపి కొత్తది వెయ్యాలి. చివరికి 500 ఎక్కడి నుంచి వచ్చిందో మీకే గుర్తుండదు. అందుకే రెండు షీట్లు పెట్టుకోవాలి. మొదటి దానిలో మెసేజ్‌లు వచ్చినవి వచ్చినట్టు రాస్తాం. రెండోది దాని నుంచి ఫార్ములాతో దానంతటదే తయారవుతుంది.

## 1. మంచి స్క్రీన్‌షాట్ తెప్పించుకోవడం

చాట్ మీ ఫోన్‌లోనే ఉంటే స్క్రీన్‌షాట్ అవసరమే లేదు. ఆండ్రాయిడ్‌లో అయితే మెసేజ్‌లను వరసగా సెలెక్ట్ చేసి కాపీ కొడితే తేదీ, టైమ్, పేరుతో సహా వస్తాయి. వేరేవాళ్ల ఫోన్‌లో చాట్ ఉండి, మీకు బొమ్మలు మాత్రమే వచ్చేటప్పుడే ఈ కష్టమంతా.

పంపేవాళ్లకు ఈ నాలుగూ చెప్పండి:

- స్క్రీన్‌షాట్‌ను మామూలు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి. ఫొటోగా పంపితే వాట్సాప్ సైజు తగ్గిస్తుంది, చిన్న అక్షరాలు మసకబారతాయి.
- ఒక స్క్రీన్‌షాట్‌లోని చివరి మెసేజ్ తర్వాతి స్క్రీన్‌షాట్‌లో మొదట కనిపించాలి. అప్పుడే మధ్యలో ఏదీ జారిపోలేదని తెలుస్తుంది.
- పొడుగు మెసేజ్ సగంలో ఆగి ఉంటే దాన్ని పూర్తిగా తెరిచాకే తీయాలి. ఆర్డర్‌లో చివరి రెండు ఐటమ్‌లు ఆ దాగిన భాగంలోనే ఉండొచ్చు.
- ఏ రోజు తీశారో చెప్పాలి. స్క్రీన్ మీద "ఈరోజు" అనే ఉంటుంది. రెండు రోజులు పోయాక చూస్తే ఏ రోజో చెప్పలేం.

వచ్చిన వెంటనే ఫైళ్లకు 1, 2, 3 అని నంబర్లు పెట్టండి. ఈ నంబరు షీట్‌లో కూడా వస్తుంది. ఎవరైనా "నేను అలా చెప్పలేదే" అంటే నేరుగా ఆ స్క్రీన్‌షాట్ తెరవొచ్చు.

## 2. షీట్ తెరిచి కాలమ్‌లు వేసుకోవడం

గూగుల్ షీట్స్‌లో కొత్త ఫైల్ తెరవండి. మొదటి ట్యాబ్‌కు `raw` అని, రెండోదానికి `orders` అని పేరు పెట్టండి. `raw` ట్యాబ్‌లో ఏడు కాలమ్‌లు కావాలి:

- A: స్క్రీన్‌షాట్ నంబరు
- B: మెసేజ్ టైమ్
- C: కస్టమర్
- D: మెసేజ్, ఉన్నది ఉన్నట్టు
- E: ఐటమ్
- F: గ్రాములు
- G: అనుమానం

D కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి, ఫార్మాట్‌లో ప్లెయిన్ టెక్స్ట్ అని పెట్టండి. ఎవరైనా "+ పావు జంతికలు" అని రాస్తే, ముందున్న ప్లస్ గుర్తు చూసి షీట్ అది ఫార్ములా అనుకుని ఎర్రర్ ఇస్తుంది. ప్లెయిన్ టెక్స్ట్ పెడితే ఆ బాధ ఉండదు.

E కాలమ్‌లో డ్రాప్‌డౌన్ పెట్టండి. ఐటమ్ పేరు చేత్తో కొట్టకూడదు. ఒకచోట "జంతికలు", ఇంకోచోట "జంతికెలు" అని పడితే షీట్‌కు అవి రెండు వేర్వేరు వస్తువులు.

F కాలమ్‌లో గ్రాములు మాత్రమే, పూర్తి అంకెలు మాత్రమే. ఇక్కడ చాలామంది 1/2 అని కొడతారు. షీట్ దాన్ని తేదీగా మార్చేస్తుంది. ఆ తేదీ వెనక నలభై వేలు దాటిన అంకె ఉంటుంది, కూడితే మొత్తం తలకిందులవుతుంది. పావు అంటే 250, అర అంటే 500, ముప్పావు అంటే 750, కేజీన్నర అంటే 1500 అని ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి.

మీరు కొన్ని ఐటమ్‌లు లెక్కన అమ్ముతుంటే (ఇరవై కజ్జికాయలు, ముప్పై కజ్జికాయలు అని), ఆ అంకె కూడా F లోనే వేయొచ్చు. ఐటమ్ పేరులోనే "కజ్జికాయలు (లెక్క)" అని ఉంచండి. ఒకే ఐటమ్‌ను కొందరికి కేజీల్లో, కొందరికి లెక్కన రాయకుండా ఉంటే చాలు.

## 3. కస్టమర్‌ను దేనితో గుర్తుపట్టాలి

పేరుతో గుర్తుపడితే దెబ్బతింటారు. మా గ్రూపులో ఇద్దరు లక్ష్మిగార్లు ఉన్నారు. పైగా ఒకే ఇంట్లో భార్య అరిసెలు చెబితే, గంట తర్వాత భర్త తన ఫోన్ నుంచి సున్నుండలు చెబుతారు. డెలివరీ ఒకటే, బిల్లూ ఒకటే.

అపార్ట్‌మెంట్ అయితే ఫ్లాట్ నంబరు వాడండి. ఊరంతా ఇచ్చేవాళ్లయితే ఫోన్ నంబరులో చివరి నాలుగు అంకెలు, దాని పక్కన పేరు. ఎలా రాసినా ప్రతిసారీ ఒకేలా రాయాలి. "బీ 204", "బీ204" అని రెండు రకాలుగా రాస్తే ఒక్క మనిషికి రెండు వరుసలు వస్తాయి. రాయడం మొదలుపెట్టే ముందే స్క్రీన్‌షాట్లన్నీ ఒకసారి తిరగేసి, కనిపించిన పేర్లకు ఫ్లాట్ నంబర్లు రాసి పెట్టుకుంటే C కాలమ్‌లో కూడా డ్రాప్‌డౌన్ పెట్టేయొచ్చు.

గ్రూపు చాట్‌లో ఒకే మనిషి వరసగా మూడు మెసేజ్‌లు పెడితే పేరు మొదటిదాని మీదే కనిపిస్తుంది. స్క్రీన్‌షాట్ రెండో మెసేజ్ దగ్గర మొదలైతే ఆ మాట ఎవరిదో తెలియదు. ముందు స్క్రీన్‌షాట్ చివర చూసి కలపాలి. అందుకే మొదటి మెట్టులో ఒక మెసేజ్ రెండింటిలోనూ ఉండాలన్నాను.

## 4. బొమ్మలోని మాటలను షీట్‌లోకి తేవడం

ఇరవై, ముప్పై మెసేజ్‌లే అయితే చూసి టైప్ చేసుకోవడమే మేలు. అంతకు మించితే గూగుల్ లెన్స్‌లో తెరిచి టెక్స్ట్ కాపీ చేయండి. తెలుగు కూడా చదువుతుంది. ఒకసారికి ఒక స్క్రీన్‌షాటే ఇవ్వండి. పైన బ్యాటరీ గుర్తులు, కింద టైపింగ్ గడి కత్తిరించేయండి, లేకపోతే ఆ అంకెలు కూడా మధ్యలోకి వచ్చి చేరతాయి. ఊరూపేరూ తెలియని వెబ్‌సైట్‌లలో మాత్రం పెట్టకండి. ఆ బొమ్మల్లో జనం ఫోన్ నంబర్లు ఉంటాయి.

అలా వచ్చిన టెక్స్ట్ D కాలమ్‌కు మాత్రమే. F లోని అంకెను ఎప్పుడూ బొమ్మను కళ్లతో చూసే వేయండి. యంత్రం చదివేటప్పుడు తప్పులు సరిగ్గా పరిమాణాల దగ్గరే జరుగుతాయి. ఇంగ్లిష్‌లో 250g అని రాస్తే చివరి అక్షరం తొమ్మిదిలా కనిపించి 2509 అవుతుంది. ½ గుర్తు % గా మారొచ్చు. 1 1/2 లో ఖాళీ పోతే 11/2 అవుతుంది, కేజీన్నర కాస్తా అయిదున్నర కేజీలు!

అన్నిటికంటే పెద్ద ప్రమాదం కోట్ చేసిన మెసేజ్. ఎవరైనా పాత మెసేజ్‌కు రిప్లై ఇస్తే, ఆ పాత మాట కొత్త మెసేజ్ పైన చిన్న గడిలో మళ్లీ కనిపిస్తుంది. బొమ్మలో రంగు తేడా, పక్కన గీత చూసి మనకు తెలుస్తుంది. కాపీ చేసిన టెక్స్ట్‌లో అవేవీ ఉండవు, రెండూ మామూలు వాక్యాలే. మొదటి ఏడాది నేను ఇలా ఒకరి ఆర్డర్ రెండుసార్లు ఎక్కించాను. వదిన కేజీన్నర సరుకు ఎక్కువ చేసింది, పండగ అయిపోయాక కూడా డబ్బాలో ఉండిపోయింది. ఇప్పుడు టెక్స్ట్ అతికించగానే బొమ్మ పక్కన పెట్టి, కోట్ అయిన వాక్యాలు ముందు తీసేస్తాను. తర్వాతే మిగతా పని.

## 5. మెసేజ్‌ను ఐటమ్‌లుగా విడగొట్టడం

ఒక మెసేజ్‌లో మూడు ఐటమ్‌లు ఉంటే `raw` లో మూడు వరుసలు. టైమ్, కస్టమర్, మెసేజ్ మూడింటిలోనూ అవే ఉంటాయి.

మార్పులను రాయడంలోనే అసలు కిటుకు ఉంది. పాత వరుసను చెరపకండి, దిద్దకండి. తేడాను కొత్త వరుసగా రాయండి. కేజీ చెప్పినాయన "అర కేజీ చాలు" అంటే −500 అని కొత్త వరుస. "ఇంకో పావు" అంటే 250. "వద్దు" అంటే అంతకుముందు చెప్పినదంతా మైనస్‌లో. కిరాణా ఖాతా పుస్తకంలో జమ, ఖర్చు రాసినట్టే. చివరికి కూడితే నికరం వస్తుంది, ఎలా వచ్చిందో కూడా కళ్లముందే ఉంటుంది.

"నాకూ అదే", "సేమ్" అన్న మెసేజ్‌లు తప్పకుండా వస్తాయి. పైన ఎవరి మెసేజ్‌ను ఉద్దేశించారో చూసి, ఆ క్షణంలో ఆ ఆర్డర్ ఎంతుందో అంతే రాయండి. ఆ మొదటి మనిషి తర్వాత ఇంకేదైనా కలిపితే అది రెండో మనిషికి వర్తించదు.

మెసేజ్ కింద ఎవరో పెట్టిన బొటనవేలు గుర్తు ఆర్డర్ కాదు. అలాగే ఎడిట్ అయిందని చూపించే మెసేజ్ మీద కన్నేసి ఉంచండి. పంపిన 15 నిమిషాల వరకు వాట్సాప్‌లో మెసేజ్ మార్చుకోవచ్చు. మీ స్క్రీన్‌షాట్ మార్పుకు ముందు తీసిందైతే పాత మాటే మీ దగ్గర ఉంటుంది. అందుకే ఆర్డర్లు ఆపిన తర్వాత కనీసం పావుగంట ఆగి, చివరి స్క్రీన్‌షాట్లు తీయమని చెప్పండి.

## 6. అర్థం కానిదాన్ని ఊహించకూడదు

మా దగ్గర వచ్చిన ఒక మెసేజ్: "సున్నుండలు కేజీ పావు జంతికలు". దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. సున్నుండలు కేజీ, జంతికలు పావు కేజీ కావచ్చు. లేదా సున్నుండలు 1250 గ్రాములు, జంతికలు ఎంతో చెప్పడం మరిచిపోయి ఉండొచ్చు.

ఇలాంటప్పుడు ఐటమ్ వరకు రాసి, F గడి ఖాళీగా వదిలి, G లో మీ ప్రశ్న రాయండి. తాత్కాలికంగా ఏదో అంకె వేయకండి. వేసిన అంకెను తర్వాత ఎవరూ అనుమానించరు. ఖాళీ గడి కూడికలో చేరదు, G లోని ప్రశ్న అడగాల్సింది ఉందని గుర్తుచేస్తుంది.

అడిగేటప్పుడు "ఎంత కావాలండీ?" అని కాకుండా, "సున్నుండలు కేజీ, జంతికలు పావు కేజీ అని రాసుకున్నానండీ, సరేనా?" అని అడగండి. అవునో కాదో చెప్పడం తేలిక కాబట్టి జవాబు తొందరగా వస్తుంది.

తప్పక అడగాల్సినవి:

- పరిమాణం లేకుండా ఐటమ్ మాత్రమే ఉంటే
- "రెండు" అని ఉండి, కేజీలా ప్యాకెట్లా తెలియకపోతే
- అదే ఐటమ్ రెండోసారి చెప్పి, "ఇంకో" అనో "చాలు" అనో లేకపోతే. అది కలపాలో మార్చాలో మనం తేల్చలేం.
- మెసేజ్ తొలగించినట్టు కనిపిస్తే. అందులో ఉన్నది ఆర్డరా, రద్దా తెలియదు.

## 7. ఒక సాయంత్రం ఆర్డర్లు, పూర్తిగా చేసి చూద్దాం

రెండు స్క్రీన్‌షాట్లు, నాలుగు ఇళ్లు. మెసేజ్‌లు ఇవి:

- 7:42, బీ 204: అరిసెలు కేజీ, జంతికలు అర కేజీ అక్కా
- 7:44, ఏ 101: నాకూ అదే
- 7:50, సీ 305: సున్నుండలు కేజీ పావు జంతికలు
- 8:10, ఏ 101: అక్కా, అరిసెలు అర కేజీ చాలు
- 8:15, బీ 204: ఇంకో పావు జంతికలు కలపండి (పైన తన 7:42 మెసేజ్ కోట్ అయి ఉంది)
- 8:31, డీ 402: సున్నుండలు అర కేజీ
- 8:40, డీ 402: సున్నుండలు వద్దు, అరిసెలు కేజీన్నర ఇవ్వండి

సీ 305 వాళ్లను అడిగితే కేజీ సున్నుండలు, పావు కేజీ జంతికలు అన్నారు. అప్పుడు `raw` ట్యాబ్‌లో ముఖ్యమైన కాలమ్‌లు ఇలా ఉంటాయి:

| టైమ్ | కస్టమర్ | ఐటమ్ | గ్రాములు |
|---|---|---|---|
| 7:42 | బీ 204 | అరిసెలు | 1000 |
| 7:42 | బీ 204 | జంతికలు | 500 |
| 7:44 | ఏ 101 | అరిసెలు | 1000 |
| 7:44 | ఏ 101 | జంతికలు | 500 |
| 7:50 | సీ 305 | సున్నుండలు | 1000 |
| 7:50 | సీ 305 | జంతికలు | 250 |
| 8:10 | ఏ 101 | అరిసెలు | −500 |
| 8:15 | బీ 204 | జంతికలు | 250 |
| 8:31 | డీ 402 | సున్నుండలు | 500 |
| 8:40 | డీ 402 | సున్నుండలు | −500 |
| 8:40 | డీ 402 | అరిసెలు | 1500 |

8:15 దగ్గర ఒక్క వరుసే ఉంది చూడండి. కోట్ అయిన మాటను కూడా ఎక్కించి ఉంటే బీ 204 కు మరో 1500 గ్రాములు కలిసేవి.

## 8. కస్టమర్‌కో వరుసగా మార్చడం

`orders` ట్యాబ్‌లో A1 లో "కస్టమర్" అని, B1, C1, D1 లలో అరిసెలు, జంతికలు, సున్నుండలు అని రాయండి. A2 లో ఇది వేయండి:

```
=UNIQUE(FILTER(raw!C2:C, raw!C2:C<>""))
```

`raw` లో ఉన్న ప్రతి ఇల్లు ఒక్కసారి చొప్పున కిందకు దిగుతుంది. తర్వాత B2 లో ఇది వేసి, కుడివైపు D వరకు, కింద చివరి ఇంటి వరకు లాగండి:

```
=SUMIFS(raw!$F$2:$F, raw!$C$2:$C, $A2, raw!$E$2:$E, B$1)
```

డాలర్ గుర్తులు ఎక్కడివక్కడే ఉండాలి. లాగినప్పుడు కస్టమర్ A కాలమ్‌కు, ఐటమ్ మొదటి వరుసకు కట్టుబడి ఉండేది వాటివల్లే. మన ఉదాహరణలో వచ్చేది ఇది:

| కస్టమర్ | అరిసెలు | జంతికలు | సున్నుండలు |
|---|---|---|---|
| బీ 204 | 1000 | 750 | 0 |
| ఏ 101 | 500 | 500 | 0 |
| సీ 305 | 0 | 250 | 1000 |
| డీ 402 | 1500 | 0 | 0 |

"సాయంత్రం ఇవ్వండి", "బెల్లం తక్కువ వేయండి" లాంటి మాటలను ఇప్పుడే పక్క కాలమ్‌లో రాయకండి. ఇళ్ల జాబితా ఫార్ములాతో వస్తోంది. `raw` ను సార్ట్ చేసినా, మధ్యలో వరుస చేర్చినా జాబితా జరుగుతుంది, మీరు చేత్తో రాసిన మాట మాత్రం అక్కడే ఉండి పక్కింటి ఎదురుగా పడుతుంది. ఆర్డర్లు ముగిశాక పట్టిక మొత్తం కాపీ చేసి, కొత్త ట్యాబ్‌లో Ctrl+Shift+V తో విలువలు మాత్రమే అతికించండి. ఆ ట్యాబ్‌లో రాసుకోండి.

## 9. లెక్క సరిపోయిందా

`orders` ట్యాబ్‌లోనే, పట్టికకు బయట ఏదైనా ఖాళీ గడిలో, ఉదాహరణకు H1 లో:

```
=SUM(raw!F2:F)-SUM(B2:D)
```

సున్నా రావాలి. మన ఉదాహరణలో రెండు వైపులా 5500. సున్నా కాకపోతే `raw` లో ఏదో ఐటమ్ పేరు పై వరుసలోని పేరుతో కలవట్లేదు, లేదా కస్టమర్ గడి ఖాళీగా ఉంది, లేదా ఫార్ములాను చివరి ఇంటి దాకా లాగలేదు. చాలాసార్లు పేరు చివర కనపడని ఖాళీ ఉంటుంది.

ఈ పరీక్ష జారిపోయిన మెసేజ్‌ను మాత్రం పట్టుకోలేదు. రెండు షీట్లలోనూ లేనిది తేడాగా రాదు కదా. దానికి వేరే దారి లేదు, బొమ్మలు మళ్లీ చూడాల్సిందే. ఈసారి కింది నుంచి పైకి చూడండి. మొదటిసారి ఎక్కడ కన్ను జారిందో రెండోసారీ అక్కడే జారకుండా ఉంటుంది.

ప్యాకింగ్‌కు ఇచ్చే ముందు:

- ప్రతి స్క్రీన్‌షాట్ నంబరు A కాలమ్‌లో కనీసం ఒక్కసారి ఉందా? లేకపోతే అందులో నిజంగా ఆర్డరేమీ లేదా?
- రెండు స్క్రీన్‌షాట్లలోనూ ఉన్న మెసేజ్ రెండుసార్లు పడిందా? కస్టమర్, టైమ్, ఐటమ్ మూడూ ఒకటే అయిన వరుసలు వెతకండి.
- G లో జవాబు రాని ప్రశ్నలు మిగిలాయా?
- `orders` లో ఎక్కడైనా మైనస్ అంకె ఉందా? ఉంటే రద్దు ఎక్కింది, అసలు ఆర్డర్ ఎక్కలేదు.
- ఒక ఇంటి ఎదురుగా అన్నీ సున్నాలే ఉంటే, అది నిజమైన రద్దా, మీరు ఖాళీ వదిలిన గడా?

ఇవన్నీ అయ్యాక ప్రతి ఇంటి వరుసనూ ఆ ఇంటివాళ్లకు విడిగా మెసేజ్ పెట్టండి: "బీ 204: అరిసెలు కేజీ, జంతికలు ముప్పావు కేజీ." గ్రూపులో పెట్టకండి. పెడితే దాని కింద మళ్లీ "నాకూ అదే" అని మొదలవుతుంది. ఎవరైనా తప్పుందంటే ఆ సవరణ కూడా `raw` లో కొత్త వరుసగానే వేయండి. స్క్రీన్‌షాట్ నంబరు గడిలో "ఫోన్" అని రాసుకోండి. విలువలు అతికించిన ట్యాబ్‌లోని అంకె తనంతట తాను మారదు కాబట్టి అక్కడ చేత్తో దిద్దాలి.